బ్యాంకు ఖాతా మారిందని కస్టమర్లకు చెప్పడం: నా అనుభవం

బెంగళూరు పీణ్యాలో మాది చిన్న మెషినింగ్ యూనిట్. పంపులు, వాల్వులు చేసే కంపెనీలకు విడిభాగాలు ఇస్తాం. అకౌంట్స్ నేను చూస్తాను. వ్యాపారం నడపడానికి బ్యాంకు ఇచ్చే మా క్యాష్ క్రెడిట్ అప్పు లిమిట్‌ను వేరే బ్యాంకుకు మార్చుకున్నప్పుడు, అమ్మకాల డబ్బంతా తమ ఖాతాలోనే పడాలని కొత్త బ్యాంకు శాంక్షన్ లెటర్‌లో షరతు పెట్టింది. అంటే కస్టమర్లందరికీ "ఇకపై డబ్బు ఈ ఖాతాకు పంపండి" అని రాయాలి.

మోసగాళ్ళు రాసేదీ సరిగ్గా ఇదే మాట. అమ్మేవాళ్ళ మెయిల్లోకో, కొనేవాళ్ళ మెయిల్లోకో దూరి, ఏ బిల్లు ఎప్పుడు చెల్లింపుకు వస్తుందో చూస్తూ కూర్చుంటారు. సమయం రాగానే ఖాతా మారిందని రాస్తారు. వాళ్ళ చేతిలో మన లెటర్‌హెడ్, పాత బిల్లులు, స్కాన్ చేసిన సంతకం అన్నీ ఉంటాయి. క్యాన్సిల్డ్ చెక్కు బొమ్మ కూడా తయారుచేస్తారు. కాబట్టి మనం ఎంత పద్ధతిగా రాసినా, ఆ కాగితం తనంతట తాను అసలుదని రుజువు చేసుకోలేదు. కస్టమర్ తన దగ్గర ముందునుంచీ ఉన్న దారిలో మమ్మల్ని సరిచూసుకోవాలి, అందుకు వీలుగా మేము మొత్తం పని నడపాలి అని మా యజమానితో మొదటే చెప్పాను.

దానికి ముందు కావలసింది వ్యవధి. బ్యాంకు మారేటప్పుడు కొత్త బ్యాంకు పాత అప్పు తీర్చేస్తుంది, పాత బ్యాంకు క్యాష్ క్రెడిట్ ఖాతా మూసేస్తుంది. అలా మూసేస్తే మా లేఖలో "వెంటనే మార్చండి" అని రాయక తప్పదు. ఎదుటివాళ్ళకు అనుమానం రావడానికి ఆ ఒక్క మాట చాలు, రావాలి కూడా. అందుకే లిమిట్ సున్నా చేసి, ఖాతాను మాత్రం కొన్నాళ్ళు తెరిచి ఉంచమని, అందులో పడిన డబ్బు కొత్త ఖాతాకు పంపేస్తామని రెండు బ్యాంకులకూ రాసిచ్చాం. బ్రాంచి మేనేజర్లను ఒప్పించడానికి చాలాసార్లు తిరగాల్సి వచ్చింది. కానీ తర్వాత పని సాఫీగా సాగిందంటే ఆ గడువు వల్లే.

మొదటి లేఖలో ఖాతా నంబరే రాయలేదు. కొరియర్‌లోనూ, మెయిల్లోనూ పంపాం. చిరునామా పర్చేజ్ విభాగానికీ, అకౌంట్స్ విభాగానికీ విడివిడిగా రాశాం. ఎందుకంటే ఒక మెయిల్‌బాక్సు మోసగాడి చేతిలో ఉన్నా, రెండోవాళ్ళకు విషయం తెలుస్తుంది. సారాంశం ఇది: బ్యాంకు మారుతున్నాం, వివరాలు తర్వాత వస్తాయి, మీరు సరిచూసుకునేదాకా పాత ఖాతాకే చెల్లించండి, పాత ఖాతాకు పంపినా మాకు నష్టం లేదు. చివర్లో ఇంకో మాట చేర్చాం. "మెయిల్ చూసి మాత్రమే ఖాతా మార్చవద్దు. మీ వెండర్ రిజిస్ట్రేషన్ ఫారంలో ఉన్న మా నంబరుకు మీరే ఫోన్ చేయండి. ఈ లేఖలో ఫోన్ నంబరు కావాలనే ఇవ్వలేదు."

ఫోన్ నంబరు లేని లేఖ మర్యాదగా ఉండదేమోనని మా యజమాని కాస్త సందేహించారు. కానీ లేఖలోనే నంబరు ఇస్తే, కస్టమర్ ఆ నంబరుకే చేస్తాడు. దొంగ లేఖ అయితే ఫోన్ ఎత్తేది దొంగే.

రెండో లేఖలో కొత్త వివరాలు, క్యాన్సిల్డ్ చెక్కు, ఈ ఖాతా మా కంపెనీ పేరునే ఉందని బ్యాంకు ఇచ్చిన ధ్రువీకరణ పంపాం. ఖాతాదారు పేరు బ్యాంకు రికార్డులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా రాశాం. దానికి కారణం ఉంది. చాలాకాలం నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు ఖాతా నంబరును బట్టే జమయ్యేది, పేరు సరిపోలుతుందా అని చూసేవారు కాదు. 2024 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, డబ్బు పంపే ముందు ఖాతాదారు పేరు కనిపించే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1లోగా బ్యాంకులు ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ కనిపించే పేరు, లేఖలో పేరు ఒకటి కాకపోతే కస్టమర్ ఆగిపోవాలి. అయితే పేరు కలిసినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. మనలాంటి పేరుతోనే ఇంకో సంస్థ పెట్టి ఖాతా తెరిచేవాళ్ళూ ఉంటారు.

హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక కస్టమర్ దగ్గర అకౌంట్స్ చూసే పెద్దాయన ఫోన్ చేశారు. మా నంబరు తన పాత ఫైల్లోంచి తీసుకున్నారు.

"లేఖ అందిందమ్మా. కానీ కాగితం చూసి నేను ఖాతా మార్చను."

"మార్చకండి సార్. కొత్త ఖాతాకు కొద్ది డబ్బు పంపండి. ఎంతో నాకు చెప్పొద్దు. తర్వాత మళ్ళీ ఇదే నంబరుకు ఫోన్ చేయండి, ఎంత పడిందో నేనే చెప్తాను."

మామూలుగా రూపాయి పంపి చూస్తారు. రూపాయి జమైతే ఆ ఖాతా పనిచేస్తోందని తెలుస్తుంది, అది మాదేనని తెలియదు. దొంగ ఖాతాలోనూ రూపాయి పడుతుంది. పైగా అందరూ రూపాయే పంపుతారు కాబట్టి ఎవరైనా ఊహించి చెప్పొచ్చు. ఆయన 17 రూపాయలు పంపారు. మళ్ళీ ఫోన్ చేసినప్పుడు మొత్తం, ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు చదివి చెప్పాను. ఆయనకు ఎప్పటినుంచో తెలిసిన ఫోన్ దగ్గరున్న మనిషికీ, ఆ కొత్త ఖాతాకూ సంబంధం ఉందని అప్పుడు తేలింది. ఆ తర్వాతే ఆయన సప్లయర్ల ఖాతా వివరాలుండే వెండర్ మాస్టర్‌లో మార్చి, ఇంకొకరితో ఆమోదం వేయించారు. మిగతా చిన్న కస్టమర్లకూ ఇదే పద్ధతి చెప్పాను. పెద్ద కంపెనీలు వాళ్ళ సప్లయర్ పోర్టల్‌లో మేమే లాగిన్ అయి మార్చమన్నాయి, అక్కడ వాళ్ళ నియమం ప్రకారమే చేశాం.

ఎవరు ధ్రువీకరించారో ఒక పట్టికలో రాసుకుంటూ పోయాను. పేరు పట్టికకు ఎక్కినవాళ్ళ బిల్లుల మీదే కొత్త ఖాతా ముద్రించాం, మిగతావాళ్ళకు పాతదే. అందరికీ ఒకే రోజు మార్చి ఉంటే, లేఖ చదవని గుమాస్తాకు బిల్లు మీద హఠాత్తుగా కొత్త నంబరు కనిపించేది. అతను అనుమానించి చెల్లింపు ఆపేస్తే నయమే. ఏమీ అడగకుండా కొత్త నంబరు ఎక్కించేసుకుంటే, రేపు దొంగ బిల్లు వచ్చినా అలాగే ఎక్కిస్తాడు.

రెండో లేఖలో ఒక వాక్యం పెట్టమని పట్టుబట్టాను: "ఇది ఒక్కసారి జరిగే మార్పు. మళ్ళీ మారిందని ఎవరు రాసినా అది మేము కాదు." ఎందుకంటే మన ప్రకటన పక్కనే దొంగ ప్రకటన సులువుగా కలిసిపోతుంది. అలాగే అయింది. "ఆడిట్ కారణంగా కొత్త ఖాతా నిలిపివేశాం, ఈసారికి ఇందులో వేయండి" అని మా పేరుతో ఒక కస్టమర్‌కు మెయిల్ వెళ్ళింది. వాళ్ళ అకౌంట్స్ అమ్మాయి ఆ వాక్యం గుర్తుంచుకుని నాకు ఫోన్ చేసింది. మెయిల్ తెప్పించుకుని చూస్తే మా డొమైన్ పేరులో `m` ఉండాల్సిన చోట `rn` ఉంది. చిన్న అక్షరాల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ మెయిల్ కింద మా అసలు ఉత్తరప్రత్యుత్తరాలు కూడా ఉన్నాయి, అంటే ఎవరో ఒకరి మెయిల్‌బాక్సు చదువుతున్నారన్నమాట. రెండు వైపులా పాస్‌వర్డులు మార్చాం, మెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్ నియమాలు వెతికాం. వాళ్ళ పర్చేజ్ విభాగం మెయిల్లో, "పేమెంట్" అన్న మాట ఉన్న ప్రతి ఉత్తరాన్నీ బయటి చిరునామాకు పంపే నియమం దొరికింది. పాస్‌వర్డు మార్చినా అలాంటి నియమం ఉండిపోతుంది, దాన్ని విడిగా తీసేయాలి. డబ్బు పోలేదు కానీ, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించాం. డబ్బు వెళ్ళిపోయి ఉంటే ముందు చేయాల్సింది 1930కి ఫోన్, వెంటనే తమ బ్యాంకుకు సమాచారం.

పాత ఖాతాలో జమలు ఆగిపోయాక కూడా ఇంకో చెల్లింపు విడత గడిచేదాకా ఆగాం. పట్టికకు ఇంకా ఎక్కనివాళ్ళకు నేనే ఫోన్ చేసి, పెట్టేసి ఫైల్లో ఉన్న నంబరుకు తిరిగి చేయమన్నాను. అందరి పేర్లూ పూర్తయ్యాకే పాత ఖాతా మూసేసి, నో డ్యూస్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాం.