30 రోజుల రక్తం

మొన్న తిరుపతిలో అత్తమ్మకు రక్తం ఎక్కించారు. హిమోగ్లోబిన్ 6.5. బ్యాగు మీద తేదీ చూస్తే, సేకరించి 30 రోజులైంది. నాకు టెన్షన్. పాల ప్యాకెట్ మీద కూడా తేదీ చూసే మనిషిని మరి!

బ్లడ్ బ్యాంకులో పనిచేసే మా మరిదికి ఫోన్ చేశాను. "42 రోజుల దాకా వాడొచ్చు వదినా" అన్నాడు.

ఎర్రకణంలో 2,3-డీపీజీ అనే పదార్థం ఉంటుందట. అది హిమోగ్లోబిన్‌కు అతుక్కుని, ఆక్సిజన్ మీద దాని పట్టు సడలిస్తుంది. ఫ్రిజ్‌లో ఉన్న కణం గ్లూకోజు వాడుకుంటూ ల్యాక్టిక్ ఆమ్లం వదులుతుంది. ఆ పులుపుకు డీపీజీ తయారీ తగ్గి, ఉన్నది విరిగిపోయి, రెండు వారాలకే దాదాపు అయిపోతుంది. ఇక ఆ కణం ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ బాగానే ఎక్కించుకుంటుంది గానీ, కండరం దగ్గర దించడానికి పిసినారితనం చేస్తుంది.

"మరి ఎక్కించి ఏం లాభం?" అన్నాను. ఒంట్లోకి వెళ్లాక కణం డీపీజీని మళ్లీ తయారుచేసుకుంటుందట. ఒక రోజులో సగం దాకా, రెండు మూడు రోజుల్లో దాదాపు మొత్తం. ఒకటి రెండు బ్యాగులైతే ఈలోపు మన సొంత కణాలు నెట్టుకొస్తాయి. రక్తం బాగా పోయి, గంటల్లో పది బ్యాగులు ఎక్కించాల్సి వస్తేనే ఇది ఆలోచించాల్సిన విషయం.

మర్నాడు హిమోగ్లోబిన్ 7.6. అత్తమ్మకు ఆయాసం ఎప్పుడు తగ్గిందో నేను గమనించనేలేదు, రెండో బ్యాగు తేదీ చదువుతూ కూర్చున్నాను.