నాన్న పేరు మీద అమరరాజా షేర్లు

బీరువా అడుగున, పొలం కాగితాల కింద దొరికింది ఈరోజు. "అమరరాజా బ్యాటరీస్" అని పాత పేరుతో షేర్ సర్టిఫికెట్. 100 షేర్లు, ముఖ విలువ 10 రూపాయలు. అంచు చెదలు తినేసింది కానీ ఫోలియో నంబర్ చక్కగా కనిపిస్తోంది.

"వందేనా?" అంది అమ్మ. కాదమ్మా, పది రూపాయల షేరుని తర్వాత విడగొట్టారు, ఇప్పుడు ముఖ విలువ ఒక్క రూపాయి. ఆ విభజనతోనే వంద వెయ్యి అవుతుంది, బోనస్‌గా ఉచితంగా ఇచ్చిన షేర్లు వేరే. ఫోలియో నంబర్‌తో, కంపెనీ షేర్ల లెక్కలు చూసే రిజిస్ట్రార్‌ని అడిగితేనే అసలు సంఖ్య తెలుస్తుంది.

నా టెన్షన్ డివిడెండ్ల గురించి. వరుసగా ఏడేళ్లు ఎవరూ తీసుకోకపోతే షేర్లు కూడా ప్రభుత్వ ఐఈపీఎఫ్ నిధికి వెళ్లిపోతాయి. వెళ్లినా వారసులు అడిగి తెచ్చుకోవచ్చు, కాకపోతే పని పెరుగుతుంది.

చెల్లి మొత్తం అమ్మేద్దామంటోంది. కాగితం రూపంలో ఉండగా అమ్మలేం, ముందు మా పేర్లకు మారి, డీమ్యాట్ అనే ఎలక్ట్రానిక్ ఖాతాలోకి రావాలి. వారసత్వంగా వచ్చినందుకు పన్ను లేదు, అమ్మినప్పుడు వచ్చే లాభం మీదే.

కరకంబాడి ఫ్యాక్టరీ మన పక్కనే అని నాన్న కొన్నారు. నాకూ ఆ అభిమానం ఉంది. కానీ లెడ్ యాసిడ్‌తో పెరిగిన కంపెనీ ఇప్పుడు లిథియం మీద పెద్ద పెట్టుబడి పెడుతోంది, ఫలితం తేలడానికి ఏళ్లు పడుతుంది. నా వాటాలో సగం ఉంచుకుంటాను, మిగతాది అమ్మి అమ్మ పేరున డిపాజిట్ వేస్తాను.