పాటకు హెచ్చరిక, మాటకు లేదు

రోజూ ఆఫీసుకు బస్సులో గంట, తిరిగి రావడానికి గంట పడుతుంది. చెవుల్లో తీగ ఇయర్‌ఫోన్లు, ఫోన్లో పాటలు. ఒక గురువారం సాయంత్రం పల్లవి మధ్యలో శబ్దం దానంతటదే తగ్గిపోయింది. బటన్ నొక్కితే, సిఫార్సు చేసిన స్థాయికి మించి పెంచాలా అని తెర మీద అడిగింది. కిటికీ పక్కన నిలబడి ఒక చేత్తో కమ్మీ పట్టుకున్నవాడికి అది చదివే తీరిక ఎక్కడిది? పొరపాటున రద్దు నొక్కాను. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా పదో మెట్టు దాటలేదు.

అంతలో అమ్మ ఫోన్ చేసింది. బస్సు రొదలో ఆమె మాట సరిగా వినిపించక అదే బటన్ నొక్కితే, ఈసారి చివరి మెట్టు దాకా ఏమీ అడగకుండా పెరిగింది. అవే ఇయర్‌ఫోన్లు, అదే చెవి. పాటకు మాత్రమే అడ్డొచ్చి, మాటకు ఎందుకు రాలేదో అర్థం కాలేదు.

ఆదివారం ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి, డెవలపర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ డీబగ్గింగ్ తెరిచి, ఫోన్ శబ్దాల లెక్కలన్నీ చూపే ఈ ఆదేశం ఇచ్చాను (నాది ఆండ్రాయిడ్ 11):

```
adb shell dumpsys audio
```

వచ్చిన చాంతాడంత జాబితాలో STREAM_VOICE_CALL, STREAM_RING, STREAM_MUSIC, STREAM_ALARM అని వేర్వేరు పద్దులు కనిపించాయి. ఒక్కొక్కదానికి దాని కనిష్ఠం, గరిష్ఠం. పాటకు కనిష్ఠం 0, గరిష్ఠం 15. కాల్‌కు కనిష్ఠం 1. అంటే అవతలి మనిషి గొంతును ఈ బటన్లతో పూర్తిగా మూయలేం; మూయగలిగితే లైను తెగిందనుకుని పెట్టేసేవాళ్లు ఎందరో. పైగా ఒక్కో పద్దులోనూ ఫోన్ స్పీకరుకు ఒక అంకె, ఇయర్‌ఫోన్లకు మరో అంకె. ఇయర్‌ఫోన్లు పీకగానే శబ్దం మారిపోవడం ఇన్నాళ్లూ ఫోన్ తిక్క అనుకున్నాను.

రింగును పాట నుంచి ఎందుకు విడదీశారో నాకు పాత ఫోన్ గుర్తుకొచ్చి తెలిసింది. ఏమీ మోగనప్పుడు దాని బటన్లు రింగునే తగ్గించేవి. పాట మొదలవకముందే తగ్గిద్దామని నొక్కి, రింగును సున్నా చేసి, అమ్మ ఫోన్లు ఎన్ని పోగొట్టుకున్నానో. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి అదే బటన్ మామూలుగా మీడియా శబ్దాన్ని మారుస్తుంది.

ఇక హెచ్చరిక సంగతి. అది పాటలు వినిపించే పరికరాల కోసం యూరప్‌లో పుట్టిన నిబంధన. 85 డెసిబెళ్లు దాటితే వినేవారి సమ్మతి అడగాలి, ఆ సమ్మతి 20 గంటల శ్రవణానికే చెల్లుతుంది. అందుకే ఫోన్ STREAM_MUSIC ఒక్కదానినే, అదీ హెడ్‌ఫోన్ల మీద వెళ్లినప్పుడే గమనిస్తుంది. నా జాబితాలో mSafeMediaVolumeIndex=100 అని ఉంది; లోపల పదింతలు చేసి రాస్తారు కనుక అది పదో మెట్టు. దాని దగ్గరే mMusicActiveMs. పదో మెట్టు పైన పాట మోగిన సమయాన్ని మిల్లీసెకన్లలో కూడబెట్టే లెక్క ఇది. 7,20,00,000కు చేరితే 20 గంటలు నిండినట్టు.

పరీక్షిద్దామని సోమవారం ఉదయం సమ్మతి నొక్కి, పాటను పన్నెండో మెట్టు మీద పెట్టాను. బుధవారం రాత్రికి ఆరు గంటలు, అంటే 2,16,00,000 ఉండాలి. ఉన్నది 1,80,00,000కు కాస్త అటూ ఇటూ. ఒక గంట ఎటు పోయింది? మంగళవారం సాయంత్రం దారి పొడవునా అమ్మతో మాట్లాడాను, అదీ పూర్తి శబ్దంలో. ఆ గంట లెక్కలోకే రాలేదు. చెవికి మాత్రం రెండూ శబ్దమే కదా!

ఈ లెక్కకు మరో గుడ్డితనం ఉంది. తీగ ఇయర్‌ఫోన్లు చెవిలో నిజంగా ఎంత శబ్దం చేస్తున్నాయో ఫోన్‌కు తెలియదు, దానికి కనబడేది మెట్టు మాత్రమే. ఇంట్లో ఆంప్లిఫయర్‌కు అదే రంధ్రం నుంచి తీగ వేసినప్పుడు కూడా చెవులు జాగ్రత్త అంటుంది.

హెచ్చరికను తీసేసే మార్గాలు వెతికి, ఏదీ నచ్చక, అసలు పన్నెండో మెట్టు ఎందుకు కావలసి వస్తోందో చూసుకున్నాను. బస్సు ఇంజను రొద పాటను మింగేస్తోంది. నా ఇయర్‌ఫోన్లు చెవిలో వదులుగా కూర్చునే రకం. రబ్బరు మూతలతో రంధ్రంలో బిగిసేవి కొన్నాను. మొదటి రోజు ఏడో మెట్టే చాలింది. కాల్ శబ్దాన్ని కూడా నేనే చూసుకుని సగానికి దించాను, దానికి అడిగేవారు లేరు కనుక.

నిన్న మళ్లీ ఆదేశం ఇచ్చి చూశాను. నెల దాటినా mMusicActiveMs ఆ ఐదు గంటల దగ్గరే ఉంది.