ప్రోనోటు కేసులో ఆ నలభై నిమిషాలు

2019లో ఒకాయన దగ్గర యాభై వేలు తీసుకుని, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టిన ఖాళీ ప్రోనోటు ఇచ్చాను. ఏడాదిలో బాకీ తీర్చేశాను కానీ నోటు వెనక్కి అడిగి తీసుకోలేదు. 2024 చివర్లో కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. 2021 నవంబరు 10న నేను మూడు లక్షలు తీసుకుని నోటు రాసిచ్చానని దావా వేశాడు.

"ఖాళీ నోటు మీద సంతకం పెట్టానంటే సరిపోదా?" అని మా లాయరు గారిని అడిగాను. సరిపోదంది ఆవిడ. స్టాంపు అంటించి, సంతకం పెట్టి ఖాళీ నోటు ఇస్తే, దాన్ని నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టే చట్టం మొదట అనుకుంటుందట. పైగా నోటు మీదున్న తేదీ నిజమైనదనీ, డబ్బు ముట్టిందనీ కోర్టు ముందే భావిస్తుంది. కాదని చూపించే బాధ్యత మనదే. వాది మాత్రం ఆ రోజే, సాక్షుల ముందే నోటు రాసి డబ్బిచ్చానని దావాలో రాసుకున్నాడు. "ఆ కథ నిలబడకూడదు. ఎవరేం చెప్పినా మీరు తల కూడా ఊపొద్దు" అంది.

నోటు మీద సాక్షి సంతకం చేసిన మనిషి రెండో సాక్షిగా వచ్చాడు. అతను చెప్పదలచుకున్నదంతా రాసిచ్చిన చీఫ్ అఫిడవిట్ దాఖలైంది, మా లాయరు ప్రశ్నలడిగే క్రాస్ మొదలైంది. ఆవిడ గట్టిగా నిలదీస్తుందని నేను ఎదురు చూశాను. అతనూ దానికే సిద్ధపడి వచ్చినట్టున్నాడు, బోను కర్రను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడేమో ఎన్ని ఎకరాలు, ఏం పంట, ఎంతవరకు చదువుకున్నారు అని నింపాదిగా అడిగింది. అతని చేతులు వదులయ్యాయి. "2021లో మీ ఊరు ఏ జిల్లా కింద ఉండేదండి?" అంది. "అప్పుడు గుంటూరేనండి. బాపట్ల జిల్లా అయింది తర్వాత కదా, ఆ మరుసటేడు ఉగాది వెళ్ళాక" అన్నాడు. జడ్జిగారు డిక్టేట్ చేశారు, టైపిస్టు కొట్టాడు. ఈవిడేంటి టైము ఇలా పాడుచేస్తోంది అని నాకు టెన్షన్ పట్టుకుంది.

నోటు సంగతి ఎత్తగానే అతని భాష మారిపోయింది. అంతవరకు "మా చేలో", "మావాడు" అన్న మనిషి "సదరు ప్రతివాది నా సమక్షంలో పైకము స్వీకరించి" అనడం మొదలుపెట్టాడు. అఫిడవిట్‌లో ఉన్న మాటలే అవి. ప్రశ్న పూర్తి కాకుండానే జవాబు వచ్చేస్తోంది. అతను వేగం పెంచిన కొద్దీ ఆవిడ ఇంకా నెమ్మదించింది. ఒక్కో జవాబు టైపు అయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే ఇంకో ప్రశ్న వేసేది. ఆ ఖాళీల్లో అతను వాది వైపు చూసేవాడు, బొటనవేలి గోరుతో కర్ర మీది రంగు గీకేవాడు.

"నోటు మొత్తం మీ కళ్ళముందే రాశారా?"

"అవునండి."

"చదివాకే సంతకం పెట్టారా?"

"పూర్తిగా చదివాకే."

"తర్వాత ఎవరైనా ఒక్క అక్షరమైనా చేర్చారా?"

"లేదండి. చేర్చలేదు." ఈ ఒక్క మాటే రెండుసార్లు చెప్పాడు.

అప్పుడు కోర్టు అనుమతి తీసుకుని, బెంచి క్లర్కు ద్వారా ఎగ్జిబిట్ ఏ-1, అంటే ఆ ప్రోనోటునే, అతని చేతికిప్పించింది. "మొదటి రెండు వరుసలు చదవండి" అంది, ఎకరాలు అడిగిన గొంతుతోనే. నా పేరు, మా నాన్న పేరు, ఊరు, మండలం చదివి "బాపట్ల..." దగ్గర ఆగాడు. "జిల్లా" అన్న మాట చాలాసేపటికి గానీ రాలేదు. టైపు చప్పుడు లేదు. ఆవిడ ఏమీ అనలేదు, చేతిలో కాగితం కూడా తిప్పలేదు. జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. నోటు మీద తేదీ 2021 నవంబరు.

"మరి అదెలా వచ్చింది?" అని నేనైతే అడిగేసేవాణ్ణి. ఆవిడ అడగలేదు. అలా అడిగితే అతనికి ఏదో ఒక కారణం చెప్పుకునే దారి మనమే చూపించినట్టని తర్వాత చెప్పింది. చివరగా, "మీరు ఆ రోజు అక్కడ లేరనీ, వాది మాట మీద తర్వాతెప్పుడో సంతకం పెట్టారనీ అంటున్నాను" అంది. "నిజం కాదు" అన్నాడు. జడ్జిగారు మళ్ళీ చెప్పమంటే గానీ అది టైపిస్టుకు వినపడలేదు.

ఆరు నెలలకు దావా కొట్టేశారు. వాంగ్మూలం సర్టిఫైడ్ కాపీ తెచ్చుకుని చదివాను. ఆ ఉదయం నాకు చెమటలు పట్టించిందంతా నాలుగు పేజీల్లో సరిపోయింది. తొందర గొంతు లేదు, గోరు గీకడం లేదు. సాక్షి తీరు మీద జడ్జి తన గమనిక రాసుకోవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఒక రూలుందట. మూడో పేజీలో దాని కింద రాసిన ఒక్క వాక్యం ఉంది: జిల్లా పేరు దగ్గర సాక్షి కొంతసేపు మౌనంగా ఉండిపోయాడని.