ఇచిబా అని రాస్తే తప్పు పెట్టాను

తోక్యోలో నిషికసాయ్ దగ్గర ఒక చిన్న ట్యూషన్ సెంటర్లో, జపనీస్ రాతలో వాడే చైనా అక్షరాలైన కాంజీల వర్క్‌షీట్లు తయారుచేయడం నా పని. ఒకసారి రెండో తరగతి పిల్లలకు మార్కెట్ అని అర్థమొచ్చే 市場 అన్న మాట మాత్రం ఇచ్చి, చదివే తీరు పలుకును రాసే హిరగనా లిపిలో రాయమన్నాను. జవాబుల కాగితంలో కాంజీ మీద చిన్నక్షరాలు కంప్యూటరే వేసింది: షిజో. మన తెలుగు పిల్లాడొకడు ఇచిబా అని రాస్తే ఎర్రపెన్నుతో టిక్కు కొట్టాను. ఇక్కడ టిక్కంటే తప్పని, సున్నా చుడితే ఒప్పని అలవాటు కావడానికే నాకు ఏడాది పట్టింది.

"ఆంటీ, అమ్మతో చేపలకి వెళ్ళేది ఇచిబాకే కదా?" అన్నాడు.

వాడిదీ ఒప్పే. చాలా కాంజీలకు చైనా నుంచి వచ్చిన 'ఒన్' పలుకు, జపాన్ సొంత 'కున్' పలుకు ఉంటాయి. మనకు పాకశాల, వంటిల్లు ఉన్నట్టే. కాకపోతే వాళ్ళు రెండింటినీ ఒకే అక్షరాలతో రాస్తారు. 市場ని కున్‌లో ఇచిబా అంటే మనం సంచీ పట్టుకుని వెళ్ళే సంత, ఒన్‌లో షిజో అంటే షేర్ మార్కెట్ లాంటిది. అలాగని కంటికి కనపడే చోటంతా ఇచిబా కాదు. 2018లో తెరిచిన తొయొసు చేపల మార్కెట్ పేరు తొయొసు షిజో. విడిమాటగా ఇస్తే రెండూ ఒప్పే కాబట్టి తప్పు నా ప్రశ్నలోనే ఉంది. ఇప్పుడు వాక్యంలో పెట్టి, ఆ మాట కింద గీత గీసి ఇస్తున్నాను. "అమ్మతో 市場కి వెళ్ళాను" అంటే ఇక అనుమానం ఉండదు. కంప్యూటర్ వేసిన పలుకుల్ని కూడా నిఘంటువుతో ఒక్కొక్కటిగా సరిచూస్తాను.

రెండక్షరాలు పక్కపక్కనుంటే ఒన్ అని పిల్లలకు చెప్పే సూత్రం చాలావరకు పనిచేస్తుంది గానీ ఇంటి మాటల దగ్గర బోల్తా కొడుతుంది. ఉత్తరం, 手紙, తెగామి: రెండూ కున్. వంటగది, 台所, దైదొకొరో: ముందు ఒన్, వెనక కున్. మన పూజగదిలాగే, సంస్కృతం పక్కన తెలుగు. ఇలాంటి కలగలుపు మాటల్ని సూత్రం నేర్పే షీట్లో కలపను, వేరే కాగితంలో ఇస్తాను.

మొన్న అదే పిల్లాడు దైతొకొరో అని రాశాడు. ఒన్, కున్ సరిగ్గానే ఎంచుకున్నాడు, ఈ సమాసంలో 'తొ' 'దొ' అవుతుందన్నదే మరిచాడు. సున్నా చుట్టకుండా, 'తొ'ని 'దొ' చేసే రెండు చుక్కలు పక్కన పెట్టి, "తల్లీ, తండ్రీ కలిస్తే ఏమంటాం రా?" అన్నాను.

"పేరెంట్స్" అన్నాడు.