రెండు రావాల్సిన చోట నాలుగు

అయిదేసి గడులు అతుక్కుని ఉండే పన్నెండు పెంటోమినో ముక్కల్ని 3×20 బోర్డులో ఖాళీ లేకుండా అమర్చే పద్ధతులు రెండే ఉన్నాయి. తిప్పితే వచ్చేదాన్నీ, అద్దంలో కనిపించేదాన్నీ వేరుగా లెక్కపెట్టకపోతేనే ఆ రెండు. అందరూ మాట్లాడే 6×10 బోర్డుకైతే 2339. నేను కావాలనే 3×20తో మొదలుపెట్టాను. 2339 బదులు 2337 వస్తే తప్పెక్కడుందో ఏం వెతుకుతాం? రెండే ఉంటే కళ్లతో చూసి పోల్చుకోవచ్చు.

ముందు లెక్కని ఎగ్జాక్ట్ కవర్ రూపంలోకి తేవాలి. ఒక పెద్ద పట్టిక ఊహించుకోండి. అందులో ముక్కకి ఒకటి చొప్పున 12 కాలమ్‌లు, గడికి ఒకటి చొప్పున 60 కాలమ్‌లు, మొత్తం 72. ఒక ముక్కని ఒక రూపంలో ఒక చోట పెట్టడం పట్టికలో ఒక రో అవుతుంది. ఆ రోలో ముక్క కాలమ్‌లో ఒక 1, అది కప్పే అయిదు గడుల కాలమ్‌లలో అయిదు 1లు ఉంటాయి. ప్రతి కాలమ్‌లోనూ సరిగ్గా ఒక్క 1 పడేలా పన్నెండు రోలు ఎంచుకోవాలి. అంతే, ఇక ప్రోగ్రామ్‌కి ఆకారాలతో పని లేదు.

3×20కి ఇలాంటి రోలు 1236 రావాలి. నాకు చాలా ఎక్కువ వచ్చాయి. X కాలమ్ చూస్తే విషయం తెలిసింది. ప్లస్ గుర్తులా ఉండే ఈ ముక్క బోర్డులో 18 చోట్లే పడుతుంది, నా పట్టికలో మాత్రం 144 ఉన్నాయి. ప్రతి ముక్కనీ ఎనిమిది రకాలుగా తిప్పి, ఒకేలా ఉన్న రూపాల్ని తీసేయడం మర్చిపోయాను. ఇది అయిదు నిమిషాల్లో సర్దుకుంది.

వెతికే పని డొనాల్డ్ నూత్ 2000లో రాసిన డాన్సింగ్ లింక్స్ పద్ధతిది. ప్రతి 1కీ ఒక నోడ్, దానికి పైనా కిందా కుడీ ఎడమా నాలుగు లింకులు. కాలమ్ తల దగ్గర అందులో ఇంకా ఎన్ని రోలు మిగిలాయో చెప్పే లెక్క, `S`. ఏ కాలమ్‌కి `S` అందరికన్నా తక్కువ ఉందో దాన్నే ముందు పట్టుకుంటాం. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, జాబితాలోంచి తీసేసిన నోడ్ తన పాత పొరుగువాళ్లని మర్చిపోదు. వెనక్కి రావాల్సినప్పుడు ఆ జ్ఞాపకంతోనే తన చోటికి వచ్చి కూర్చుంటుంది. దేన్నీ కాపీ చేయక్కర్లేదు. కానీ తీసిన వరుసకి సరిగ్గా ఉల్టా వరుసలో పెట్టాలి. నేను చేయనిది అదే. రోని ఎంచుకున్నప్పుడు కుడివైపు వెళ్తూ కాలమ్‌లని మూసి, అంటే వాటినీ వాటిలోని రోలనీ జాబితాల్లోంచి తీసేసి, తెరిచేటప్పుడు కూడా కుడివైపే వెళ్లాను.

ఎర్రర్ ఏమీ రాలేదు. ప్రోగ్రామ్ అలా తిరుగుతూనే ఉంది. బోర్డు పెద్దదేమో అనుకుని ఒక సాయంత్రం మొత్తం వృథా చేశాను. చివరికి 3×5 బోర్డు, P, U, V అనే మూడు ముక్కలతో చిన్న పరీక్ష పెట్టుకున్నాను. వెతకడం మొదలవక ముందు V కాలమ్‌కి `S` 12. వెతకడం అయిపోయాక అన్నీ తిరిగి తెరుచుకున్నట్టే కాబట్టి మళ్లీ 12 ఉండాలి. అంతకన్నా ఎక్కువ ఉంది. రెండు కాలమ్‌లలోనూ ఉన్న రోని మొదటి కాలమ్ మూసినప్పుడే దాచేశాం. మొదటిదాన్నే ముందు తెరిస్తే ఆ రో రెండో కాలమ్ జాబితాలోకి వచ్చేస్తుంది, రెండోది తెరిచేటప్పుడు దాన్ని ఇంకోసారి లెక్కపెడతాం. `S` అబద్ధం చెబితే ఏ కాలమ్ ముందు పట్టుకోవాలన్న తెలివంతా పోతుంది. సరిచేసిన భాగం ఇది:

```python
j = R[r]
while j != r:
    cover(C[j]); j = R[j]
search(k + 1)
j = L[r]
while j != r:
    uncover(C[j]); j = L[j]
```

`R` బదులు `L`, అంతే తేడా. అప్పటినుంచి వెతకడం ముగిశాక `S` పాత విలువలతో సరిపోయిందో లేదో ప్రతిసారీ పోల్చి చూస్తున్నాను.

ఇప్పుడు 3×20కి 8 జవాబులు వచ్చాయి. రెండు అసలు జవాబులు, ఒక్కోదానికి నాలుగు రూపాలు. సరిపోయింది. ఇక ఆ నకళ్లని మొదట్లోనే ఆపేద్దామని, X మధ్య గడి ఎడమ సగంలోనే, అంటే పదో నిలువు వరుస దాటకుండా ఉండాలని పెట్టాను. X ఎటు తిప్పినా మారదు కాబట్టి ఈ పనికి అదే తగిన ముక్క. X రోలు 18 నుంచి 9 అయ్యాయి. రెండు వస్తాయని చూస్తే నాలుగు వచ్చాయి.

మళ్లీ లింకుల్లోనే తప్పుందనుకుని టెన్షన్ పడ్డాను. తప్పు అక్కడ లేదు. 6×10లో X మధ్య గడిని బోర్డులో పావు భాగానికి కట్టేస్తే నాలుగు రూపాల్లో ఒక్కటే మిగులుతుంది, ఎందుకంటే అక్కడ నడిగీత గడుల మధ్యగా పోతుంది, X దాని మీద సరిగ్గా కూర్చోలేదు. 3×20లో ఎత్తు మూడే. X మధ్య గడి ఎప్పుడూ నడి వరుసలోనే ఉంటుంది. బోర్డుని పైకీ కిందకీ తిరగేసినా X కదలదు, మిగతా ముక్కలు మాత్రం తిరగబడి ఇంకో జవాబులా లెక్కకొస్తాయి. X ఒక్కదాన్నే కట్టేస్తే సరిపోదన్నమాట. ఏ సౌష్ఠవమూ లేని F ముక్కని తీసుకున్నాను. దాని ఎనిమిది రూపాలూ ఈ తిరగేతలో నాలుగు జతలవుతాయి. జతకి ఒకటే ఉంచాను. రెండు వచ్చాయి.

5×12 దగ్గర ఇదే చిక్కు సగం సగం వస్తుంది. X నడి వరుసలో ఉన్నప్పుడే F మీద ఆంక్ష పెట్టాలి, పై వరుసలో ఉన్నప్పుడు పెడితే అసలు జవాబులు పోతాయి. అందుకే అక్కడ రెండు విడతలుగా నడిపి కలిపాను: 1010.

ఈ గొడవలో X మీద ఎక్కువసేపు కూర్చోవడం వల్ల ఇంకొకటి తెలిసింది. 3×20లో X పైనుంచి కిందదాకా అడ్డంగా నిలబడి బోర్డుని రెండుగా విడదీస్తుంది. మధ్య గడి k-వ నిలువు వరుసలో ఉంటే ఎడమవైపు మిగిలేవి `3*k - 4` గడులు. అది అయిదుతో భాగించబడాలి. ఎడమ సగంలో k విలువ 3 గానీ 8 గానీ అయితేనే అది కుదురుతుంది. మిగిలిన ఏడు చోట్లూ దండగే. k 2 అయితే మూల గడి ఒంటరిదై దాని `S` వెంటనే 0 అవుతుంది కాబట్టి ప్రోగ్రామ్ అక్కడే వెనక్కి వస్తుంది. కానీ k 5 అయితే ఎడమవైపు 11 గడులు మిగులుతాయి, అక్కడ ఏ కాలమూ వెంటనే ఖాళీ అవదు. ప్రోగ్రామ్‌కి రోలు తప్ప ఖాళీ జాగాల ఆకారం కనబడదు, పాపం చాలా దూరం వెళ్లి తల బాదుకుని వస్తుంది. ఆ ఏడు రోలని పట్టిక కట్టేటప్పుడే తీసేశాను.

k 8కి ఏమీ రాలేదు. రెండు జవాబులూ k 3 దగ్గరివే. అక్కడ X ఎడమన మిగిలే అయిదు గడులు అచ్చంగా U ఆకారం. ఒక జవాబు ఎడమనుంచి ఇలా చదవొచ్చు:

```
U X P I L N F T W Y Z V
```

రెండోది నా తెరమీద తలకిందులుగా పడింది, అందుకే మొదట పూర్తిగా వేరనుకున్నాను. F మీద పెట్టిన ఆంక్షే అలా తిప్పింది. దాన్ని తిరగేసి పక్కపక్కన పెడితే రెండు చివరలూ ఒకటే. మధ్యలో L నుంచి Z దాకా ఉన్న ఏడు ముక్కలు, ఒక దిమ్మెలా అతుక్కుని, మొత్తంగా సగం చుట్టు తిరిగి అదే ఖాళీలో కూర్చున్నాయి.