అమ్మ చేతికి ఎంత?

"ఫీజు లేదంటున్నారు, సరే సార్. ఇంటి దగ్గర అమ్మ చేతికి ఎంత అందుతుంది?"

జీతాల రోజు సాయంత్రం, కార్మికుల వసతి గేటు దగ్గర విదేశం నుంచి ఇంటికి డబ్బు పంపే మా యాప్ 'సున్నా ఫీజు' కరపత్రం చదివి ఒకతను అడిగాడు.

పక్కన కూర్చుని లెక్క వేశాం. వెయ్యి పంపితే మేం ఫీజు తీసుకోం, కానీ మారకం రేటులో 2 శాతం మిగుల్చుకుంటాం. అంటే 20 పోతాయి. అతను వాడే యాప్ 10 ఫీజు తీసుకుని, రేటులో అర శాతమే ఉంచుకుంటుంది. అక్కడ పోయేది 15.

మా యాప్ వేసుకోలేదు. సరైన పనే చేశాడు.

మొదటిసారి పంపినవాళ్లనే లెక్కపెడుతూ ప్లాన్ రాసుకున్నాం. లెక్కపెట్టాల్సింది రెండో జీతానికి తిరిగొచ్చినవాళ్లని.

రేపు మీటింగులో ముందు రేటు గురించే అడుగుతాను. అది సరిచేశాకే కొత్త కరపత్రం. అందులో ఫీజు మాట ఉండదు, ఇంటికి చేరే మొత్తమే పెద్దక్షరాల్లో.